ఆటో వెనక మూడు మాటలు

మాది విజయవాడ సత్యనారాయణపురంలో చిన్న కొట్టు. కిటికీలకు, తలుపులకు దోమల మెష్ బిగిస్తాం. మా ఆయన, ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళి కొలతలు తీసుకుని, అల్యూమినియం సెక్షన్ కోసి, బిగించి వస్తారు. ఫోన్లు, లెక్కలు, బాకీల వసూలు నా పని. ఈ ఊళ్ళో ఈ వ్యాపారానికి గిరాకీ లేదనడానికి వీల్లేదు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. వాటికి తోడు మురుగు కాలవలు. సాయంత్రం ఆరు కాకముందే ఇంటింటా కిటికీలు ధనధనా మూసేస్తారు. అయినా మాకు పని వచ్చేది నోటి మాట మీదే. అపార్ట్‌మెంట్‌లో ఒకరికి బిగిస్తే ఎదురు ఫ్లాట్ వాళ్ళు అడుగుతారు, అక్కడితో సరి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఏదో ఒకటి చేద్దామని ఆటోల వెనక ప్రకటన పెట్టించాలనుకున్నాం. ఏజెన్సీ అతను చెప్పిన లెక్క ఆటోకి నెలకు నాలుగొందలు, అందులోనే డ్రైవర్ వాటా. ఫ్లెక్స్ ఖర్చు వేరే. ముప్పై ఆటోలు, మూడు నెలలు, ముప్పై ఆరు వేలు. రవాణా శాఖ అనుమతి సంగతి ఆయనే చూసుకోవాలని కాగితం మీద రాయించుకున్నాను. అంతా అయ్యాక "మ్యాటర్ పంపండి మేడం" అన్నాడు.

మ్యాటర్ అంటే నాకేం తెలుసు! కొట్టు పాంప్లెట్ తీసి అదే పంపాను. పైన దుర్గమ్మ ఫొటో, కింద కొట్టు పేరు, "మా వద్ద స్టీల్ మెష్, ఫైబర్ మెష్, ప్లీటెడ్ మెష్, వెల్‌క్రో నెట్, పావురాల నెట్, మెష్ డోర్లు సరసమైన ధరలకు బిగించబడును", రెండు ఫోన్ నంబర్లు, గుడి ఎదురు సందు అంటూ అడ్రసు, మూలన నక్షత్రంలో "కొలతలు ఉచితం". తర్వాత లెక్కపెడితే నలభై ఏడు మాటలున్నాయి. ఫ్లెక్స్ కొట్టు కుర్రాడు మారుమాట లేకుండా గంటలో డిజైన్ చేసి పంపాడు. ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఫోన్ మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని చూస్తే ఏదైనా బ్రహ్మాండంగానే ఉంటుంది.

ప్రింటుకి ఇచ్చే ముందు మా ఆయన టేపు తీసుకుని ఆటో స్టాండుకి వెళ్దామన్నాడు. కిటికీ కొలవకుండా సెక్షన్ కొయ్యడు కదా, అదే అలవాటు. అయిదు ఆటోలు కొలిచాం. అయిదూ అయిదు రకాలు. వెనక రెక్సిన్ పైభాగంలో ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది, దాన్ని మూయకూడదు. అడుగున ఇనప బాడీ మీద నంబర్ ప్లేటు, లైట్లు, వాటి జోలికి అసలే వెళ్ళకూడదు. మిగిలింది మధ్యలో ఒక పట్టీ. రెక్సిన్ రెండు పక్కలా వంపు తిరిగిపోతుంది కాబట్టి మూలల్లో ఏం రాసినా వెనక వచ్చేవాడికి కనపడదు. అన్ని ఆటోలకీ సరిపోయే కొలత వేసుకుంటే 36 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు తేలింది. ఒక పెద్దాయన ఆ పట్టీ పైన "అమ్మ దీవెన" అని రాయించుకున్నాడు. "అది మూసేదయితే నాకు మీ నాలుగొందలు వద్దమ్మా" అన్నాడు. అందులో ఆయనకి వచ్చేది సగమేనని నేను చెప్పలేదు. ఆయన మాట విని ఎత్తు 20కి తగ్గించాం.

ఆ మర్నాడు నేను స్కూటీ మీద ఏలూరు రోడ్డులో చుట్టుగుంట దాకా, అక్కడి నుంచి గుణదల మీదుగా రామవరప్పాడు రింగ్ దాకా ఊరికే వెళ్ళాను. ఆటోల వెనక ఏముందో చదువుదామని. పది గంటల రద్దీలో ఆటో వెనకాల చేరి, దాన్ని దాటేలోపు రాతలు చూసే టైము లెక్కపెట్టుకున్నాను. రెండు సెకన్లు, మూడు, మహా అయితే నాలుగు. అందులో సగం చూపు రోడ్డు మీదే ఉంటుంది, ఉండాలి కూడా. సిగ్నల్ దగ్గర ఆగితే బోలెడు టైము దొరుకుతుందని ఏజెన్సీ అతను చెప్పాడు. నిజమే, కానీ ఎండలో బళ్ళవాళ్ళు ఆటో వెనక ఆగరు. పాతిక అడుగుల వెనకాల చెట్టు నీడ ఉంటే అక్కడే ఆగుతారు. నేనూ అంతే. దారి మొత్తం మీద పూర్తిగా చదవగలిగినవి రెండే రెండు. ఒకటి ఏదో డెంటల్ క్లినిక్‌ది, పెద్ద పన్ను, పక్కన ఒక మాట. రెండోది ప్రకటన కాదు, డ్రైవర్ తన కూతురి పేరు రాయించుకున్నది.

ఇంటికొచ్చి నలభై ఏడు మాటల డిజైన్ పక్కన పడేశాను.

బోర్డులు రాసేవాళ్ళకి ఒక లెక్క ఉంది. పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉంటే సుఖంగా చదవొచ్చు. ముప్పై అడుగుల నుంచి చదవాలంటే మూడు అంగుళాలు. ఇరవై అంగుళాల పట్టీలో ఈ లెక్కన ఎన్నో వరుసలు పడతాయనిపిస్తుంది. కానీ ఆ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సరిపోతుంది. మన తెలుగు అక్షరానికి పైన గుడి, ఎత్వం, తలకట్టు, కింద ఒత్తు. నాలుగున్నర అంగుళాల్లో ఒక వరుస రాస్తే అసలు అక్షరం శరీరం రెండున్నర అంగుళాలే. ఇక ఒత్తులున్న మాట వస్తే కింది వరుసని అంత మేరా దించాలి, లేదా అక్షరం చిన్నది చెయ్యాలి. అంటే ప్రతి ఒత్తుకీ మనం స్థలంతో డబ్బు కడుతున్నట్టే. ఫ్లెక్స్ కుర్రాడికి ఇది కొత్త సంగతేం కాదు. "అందుకే అక్కా, పేరు ఇంగ్లీషులో పెట్టమంటారు అందరూ" అన్నాడు. నాకు మాత్రం అత్తయ్యగారి వయసు వాళ్ళు కూడా చదవాలి. ఇంట్లో మెష్ పెట్టించమని పోరేది వాళ్ళే. అందుకని తెలుగే, కానీ వీలయితే ఒత్తుల్లేని తెలుగు.

తర్వాత వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. కాగితం మీద పదిహేను దాకా రాశాం. "దోమల బాధ నుంచి శాశ్వత విముక్తి" మా మరిది రాసింది. ఆ మాట కాయిల్ కొట్టువాడూ అనొచ్చు, దోమల బ్యాట్ అమ్మేవాడూ అనొచ్చు. పైగా శాశ్వతం అనేంత ధైర్యం మాకు లేదు, వెల్‌క్రో నెట్ రెండు మూడేళ్ళకి ఊడి వస్తుందని మాకు తెలుసు. "డెంగ్యూకి చెక్" అని ఒకటి. ఇది చూడగానే ఏజెన్సీ అతను ఎగిరి గంతేశాడు, వానలు మొదలైతే బాగా పట్టేస్తుందని. నేనే వద్దన్నాను. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పిల్లల్ని బళ్ళో కుడుతుంది, పెద్దవాళ్ళని కొట్లో కుడుతుంది. ఇంటి కిటికీకి బిగించిన మెష్ దానికి ఎలా పూచీ పడుతుంది? రేపు ఎవరి పిల్లాడికైనా జ్వరం వస్తే ఆటో మీద మేమే రాసిచ్చినట్టు అవుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల చట్టంలో జరిమానాలు ఉన్నాయన్న సంగతి తర్వాత. ముందు నాకే నోరు రాలేదు.

మా ఆయనకి నచ్చింది "గాలి వస్తుంది, దోమ రాదు". నిజం చెప్పాలంటే అది మంచి మాట. మెష్ చేసే పని మొత్తం అందులో ఉంది. ఒత్తు కూడా ఒక్కటే. దాదాపు అదే ఖాయం చేసేవాళ్ళం.

అప్పుడే కృష్ణలంక నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. వాళ్ళింట్లో నాలుగు కిటికీలకు బిగించి వారమైంది. మిగిలిన డబ్బు ఎవరితో పంపాలో అడగడానికి చేసింది. మాటల్లో "ఎన్నేళ్ళయిందో అమ్మా, కిటికీ తీసి పడుకుని! రాత్రి మూడింటికి కాలవ మీది గాలి వచ్చింది" అంది. ఫోన్ పెట్టేసి, బాకీ పుస్తకం అట్ట మీదే రాసుకున్నాను. కిటికీ తీసి పడుకోండి. మూడు మాటలు. ఒక్క ఒత్తు లేదు. దోమ అన్న మాట కూడా లేదు, అదే నన్ను కొంచెం భయపెట్టింది.

ఇంట్లో ముందు ఎవరికీ నచ్చలేదు. "దొంగలకి దారి చూపిస్తున్నట్టుంది" అన్నారు అత్తయ్యగారు. "కిటికీ తీసి అంటే ఊడబీకి అనుకుంటారు" అన్నాడు మరిది. వాడి మాటకేం గాని, దొంగల మాట నిజమే, కొంతమందికి ఆ ఆలోచన వస్తుంది. పోటీలో ఉన్న రెండు మాటల్నీ పరీక్ష పెట్టి చూద్దామన్నాను.

పరీక్ష ఎలా చేయాలో ఫ్లెక్స్ కుర్రాడు చెప్పాడు. దీనికి పెద్ద ప్రింటు అక్కర్లేదు. 36 అంగుళాల బోర్డుని ముప్పై అడుగుల నుంచి చూడటమూ, అందులో పదో వంతు, అంటే మూడున్నర అంగుళాల కాగితాన్ని మూడు అడుగుల నుంచి చూడటమూ కంటికి ఒకటే. కాగితం వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు పెట్టి మామూలు ప్రింటర్ మీద తీశాం. మా కొట్లో నేల మీద రెండడుగుల పలకలు, ఒకటిన్నర పలక దూరంలో మనిషిని నిలబెట్టి కాగితం చూపించి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని వెనక్కి తిప్పేయాలి. అప్పుడు రెండు ప్రశ్నలు. ఏం రాసుంది? ఏం అమ్ముతారు? ఇందులో మా సంగతి తెలిసిన వాళ్ళు పనికిరారు. పక్క వీధి ఇడ్లీ బండి ఆమె, కొరియర్ అబ్బాయి, పై పోర్షన్‌లో కొత్తగా దిగినవాళ్ళు, పాలవాడు, ఇలా పోగేస్తే పద్నాలుగు మంది అయ్యారు. సగం మందికి ముందు ఒక మాట, మిగతా సగానికి ముందు రెండో మాట చూపించాను.

"గాలి వస్తుంది, దోమ రాదు" పూర్తిగా చెప్పింది అయిదుగురే. చాలామంది "గాలి వస్తుంది" దాకా చెప్పి ఆగిపోయారు. కూలర్ల షాపా అన్నారు. మూడు సెకన్లలో కన్ను మొదటి ముక్క మీదే ఆగిపోతోంది, అసలు సంగతేమో రెండో ముక్కలో ఉంది. తిప్పి "దోమ రాదు, గాలి వస్తుంది" అని పెడదామన్నాడు మా ఆయన. అలా పెడితే "దోమ రాదు" దగ్గర ఆగి కాయిల్ అంటారు. "కిటికీ తీసి పడుకోండి" మాత్రం పన్నెండు మంది ఉన్నదున్నట్టు చెప్పారు. ఇడ్లీ బండి ఆమె చదవకుండానే విన్నట్టు చెప్పింది. కానీ ఏం అమ్ముతారంటే సరిగ్గా చెప్పింది ముగ్గురు. కొరియర్ అబ్బాయి "కరెంట్ ఆఫీసు వాళ్ళదా, ఏసీ వాడొద్దనా?" అన్నాడు. పాలవాడు నిద్రమాత్రలు అన్నాడు. ఒకాయన యోగా అన్నాడు.

నేను దిగులు పడాల్సిన చోట కుర్రాడు నవ్వాడు. "అయితే బొమ్మ ఏం పెట్టాలో తెలిసిపోయింది కదక్కా" అన్నాడు. అప్పటిదాకా నా బుర్రలో బొమ్మ అంటే కిటికీ, మంచం, హాయిగా నిద్రపోతున్న మనిషి. అవన్నీ మాటల్లోనే ఉన్నాయి! మాటల్లో లేనిది ఒక్కటే, దోమ. బొమ్మ చేయాల్సిన పని ఆ లోటు పూడ్చడమే. కిటికీ అని రాసి కిటికీ బొమ్మ వేస్తే ఉన్న కాస్త చోటులో ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

అది అర్థమయ్యాక కూడా మేం నేరుగా దోమ దగ్గరికి రాలేదు. పసిపాప నిద్రపోతున్న ఫొటో మా ఆడపడుచు పంపింది, ముద్దుగా ఉందని అదీ పరీక్ష పెట్టాను. అయిదుగురు చూసి ముగ్గురు సంతాన సాఫల్య కేంద్రం అన్నారు. ఈ ఊళ్ళో పసిపాప బొమ్మ కనపడితే ఇంకేం అనుకుంటారు? మా సరుకే కదా అని మెష్ బిగించిన కిటికీని దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టి చూశాం. తెర మీద అలలు అలలుగా చారలు వచ్చాయి, ప్రింటులో బూడిద రంగు మరక అయింది. సన్నటి అల్లిక కనపడకపోవడమే మంచి మెష్ లక్షణం, బొమ్మకి అదే శాపం.

ఇంకొక ఆలోచన మా ఆయనది, దాన్ని వదులుకోవడానికి నాకే మనసొప్పలేదు. ఆటో వెనక ప్లాస్టిక్ కిటికీ ఎలాగూ ఉంది కదా, దాని చుట్టూ చెక్క ఫ్రేము బొమ్మ వేసి, బయట నుంచి దోమ లోపలి ప్యాసింజర్లని చూస్తున్నట్టు పెడితే? ఊహలో ఎంత బాగుందో! స్టాండుకి వెళ్ళి చూస్తే ఒక ఆటోకి ఆ కిటికీ గుండ్రం మూలలతో ఉంది, ఇంకోదానికి వెడల్పుగా ఉంది, మరోదానికి చిరిగి నల్ల రెక్సిన్‌తో కుట్టేశారు. కిటికీ చుట్టూ పెడితే "అమ్మ దీవెన" కూడా పోతుంది. ముప్పై ఆటోలకి ముప్పై డిజైన్లు చేయలేం.

దోమ ఫొటో కూడా కుదరలేదు. ఇంటర్నెట్‌లో దొరికేవన్నీ భూతద్దంలో తీసినవి, తెర నిండా వెంట్రుకలతో సహా కనపడతాయి. మూడు అడుగుల పరీక్షలో పెడితే కాళ్ళు మాయమైపోయాయి. అడుగు పొడవున్న దోమకి కూడా కాలు బాగా సన్నంగానే వస్తుంది, అంత సన్నటిది ముప్పై అడుగుల నుంచి కంటికి సరిగ్గా ఆనదు. కాళ్ళు, తొండం పోతే దోమలో మిగిలేది ఏమిటి? పై పోర్షన్ ఆయన హెలికాప్టరా అన్నాడు. కుర్రాడు ఎర్ర కళ్ళు, కోరలు పెట్టి కార్టూన్ దోమ గీశాడు. అది చూసి పాలవాడు మున్సిపాలిటీ మలేరియా వాళ్ళదా అన్నాడు.

చివరికి నిలిచింది నల్లటి నీడ బొమ్మ. ముఖం లేదు, కళ్ళు లేవు. పక్క నుంచి చూసినట్టు, వెనక కాళ్ళు పైకి ఎత్తి, గూని వీపుతో, తొండం ముందుకి చాపిన దోమ. కాళ్ళు అరంగుళం మందం చేయించాను. అసలు దోమ అలా ఉండదని కుర్రాడు గొణిగాడు గాని, దూరం నుంచి అదే అసలైన దోమలా కనపడింది. దాని ముందు మెష్‌కి గుర్తుగా అయిదు నిలువు గీతలు, అయిదు అడ్డ గీతలు, బాగా లావుగా. తొండం మధ్య గీతకి తగిలి వంగిపోయింది. ఆ వంపు మా ఆయన చేర్పు. దగ్గరికి వచ్చినవాళ్ళకి కనపడి చిన్న నవ్వు వస్తుంది, కనపడకపోయినా నష్టం లేదు. దీనితో పరీక్ష పెడితే, కొత్తగా పట్టుకొచ్చిన పదిమందిలో ఎనిమిది మంది దోమల నెట్ అన్నారు.

అక్షరాల మీద ఇంకో రెండు రోజులు పోయాయి. డీటీపీ వాళ్ళ దగ్గర అను ఫాంట్లలో లావు అక్షరాలు బోలెడు. లావుగా ఉంటే దూరం కనపడుతుందని బాగా లావుది పెట్టాడు కుర్రాడు. తీరా చూస్తే "పడుకోండి"లో పకారం పైన సందు పూడిపోయి "వడుకోండి" లాగా అయింది. అక్షరం లావయ్యే కొద్దీ లోపలి ఖాళీలు మూసుకుపోతాయి, తెలుగు అక్షరాన్ని గుర్తు పట్టేది ఆ ఖాళీలతోనే. ఒక మెట్టు సన్నం చేసి, అక్షరాల మధ్య కొంచెం ఎడం ఇస్తే తేరుకుంది. రంగులు మాత్రం ఇట్టే తేలిపోయాయి. కుర్రాడు ఎరుపు నుంచి నీలానికి పాకే రంగు వేశాడు, నేను పసుపు మీద నలుపు చాలన్నాను. ఆటో బాడీలోనూ పసుపు ఉంది కాబట్టి కలిసిపోకుండా చుట్టూ అంగుళం నల్ల అంచు.

పూర్తి సెట్ ప్రింటు చేయించకుండా ముందు రెండు ఆటోలకే కట్టించాం, పది రోజులు. ఇది మంచిదయింది. పరీక్షలో చాలామంది దోమల నెట్ అన్నారు కదాని కింద చిన్న అక్షరాల్లో "దోమల నెట్" అని రాయించాను. వచ్చిన మొదటి ఆరు ఫోన్లలో నాలుగు మంచానికి కట్టుకునే దోమతెర ఎంత అని! మాకేమో కిటికీకి బిగించేది నెట్టే, జనానికి నెట్ అంటే మంచం మీదిది కూడా. దాన్ని "కిటికీలకు దోమల మెష్" అని మార్చాం.

రెండో తప్పు ఫోన్ నంబర్. అట్టడుగున పెట్టాం. ఫ్లెక్స్‌ని మూలల్లో కంతలకి తీగ వేసి కడతారు కదా, నాలుగు రోజులకే కింది అంచు ముడుచుకుని పైకి లేచింది. నంబర్ సగం కనపడలేదు. సరిగ్గా ఉన్నప్పుడు కూడా సిగ్నల్లో మధ్యలో దూరిన బైకుల తలలు, హ్యాండిళ్ళు ఆ కింది భాగాన్నే కప్పేస్తున్నాయి. నంబర్‌ని నాలుగు అంగుళాలు పైకి జరిపి, అడుగున అంచు మడిచి కుట్టించాం. నంబర్ కూడా మార్చాను. నా పాత నంబర్ నాకే సరిగ్గా నోరు తిరగదు. చివర అంకెలు జంటలుగా వచ్చే కొత్త సిమ్ తీసుకుని, అయిదు అయిదుగా విడగొట్టి రాయించాం. ఆ సిమ్ ఆటోలకి తప్ప ఇంక దేనికీ ఇవ్వలేదు, ఫోన్ మోగితే ఆటో చూసి చేశారని తెలియాలి కదా.

క్యూఆర్ పెడదామన్నాడు మరిది. స్కాన్ చేసే దూరంలో కనీసం పదో వంతు ఉండాలట ఆ గడి. అయిదడుగుల నుంచి తీయాలన్నా ఆరంగుళాలు పోతుంది, అంటే దోమలో సగం. హెల్మెట్ పెట్టుకుని ట్రాఫిక్‌లో ఫోన్ తీసి ఆటోకి గురిపెట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు. దుర్గమ్మ ఫొటో తీసేసినందుకు మాత్రం అత్తయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఎండకి వెలిసి, వానకి చిరిగి, చివరికి ఎక్కడో తొక్కుడులో పడే ఫ్లెక్స్ మీద అమ్మవారిని పెట్టడం ఏం బాగుంటుంది అన్నాక ఒప్పుకున్నారు.

డ్రైవర్లలో ఇద్దరు వద్దన్నారు. ఒకతను "నా ఆటోలో దోమలున్నాయనుకుంటారండీ" అన్నాడు. ఇంకొకతనిది నేను ఊహించని అభ్యంతరం. వెనక పడుకోండి అని రాసుంటే డ్రైవర్ నిద్రపోతున్నాడని వెనక బండి వాళ్ళు ఆటపట్టిస్తారట. వాళ్ళ బదులు వేరే ఇద్దర్ని చూసుకున్నాం. మిగతా అందరికీ ఒకటే షరతు పెట్టాం. రాత్రి పూట బస్టాండు, స్టేషను కిరాయిలకే తిరిగేవాళ్ళు కాకుండా, పగలు గుణదల, సత్యనారాయణపురం, పటమట వైపు ఇళ్ళ మధ్య తిరిగేవాళ్ళు కావాలని. మా కుర్రాళ్ళు సామాను వేసుకుని మోటార్ సైకిల్ మీద వెళ్ళగలిగినంత దూరమే మా ఊరు.

మూడు నెలల్లో ఆ సిమ్‌కి అరవై ఒక్క ఫోన్లు వచ్చాయి. పావు వంతు పైన ధర అడిగి పెట్టేసినవే. ఇరవై మూడు ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీశాం, పద్నాలుగు పనులయ్యాయి. పెట్టిన నలభై వేలు వచ్చాయి, పైన కొద్దిగా మిగిలింది. మే నెల ఎండకి బోర్డుల్లో పసుపు వెలిసి మజ్జిగ రంగుకి తిరిగింది. నలుపు ఉన్నదున్నట్టే ఉంది, కాబట్టి మాట, దోమ రెండూ కనపడుతూనే ఉన్నాయి. ఎర్ర అక్షరాలు వేయించుకున్న పక్క కొట్టు ఆయన బోర్డులో ఆఫర్ ఎంత శాతమో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

గడువు అయిపోయాక బోర్డు విప్పడానికి "అమ్మ దీవెన" పెద్దాయన కొట్టుకి వచ్చాడు. విప్పించి, చేతులు కడుక్కుని, వెళ్ళకుండా నిలబడ్డాడు. సింగ్‌నగర్‌లో ఆయనది రెండు గదుల ఇల్లు, రెండు కిటికీలు. మూడు నెలలుగా తన వెనకే మోసుకు తిరిగాడు కదా, ఇంట్లోవాళ్ళు అడుగుతున్నారట. మా ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి కొలతలు తెచ్చి, తన కూలి లేకుండా లెక్క రాశాడు. పెద్దాయన కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "అంతా బాగానే ఉంది గాని బాబూ, కిటికీ తీసి పడుకుంటే దొంగలు రారుగా?" అన్నాడు.

"గ్రిల్ ఉంది కదా బాబాయ్" అన్నాడు మా ఆయన.